ఫోటోలో కుడివైపు మనిషి

సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా పని మానేసి చాలా ఏళ్ళయింది. గ్లకోమా వల్ల చూపు పూర్తిగా పోయిన తరువాత నేను ఎక్కువగా చేసిన పని ఫిర్యాదులు రాయడం. బ్యాంకుకు రాశాను, కరెంటాఫీసుకు రాశాను, మా అపార్ట్‌మెంట్ సంఘానికి రాశాను. ఫోన్ చదివి వినిపిస్తుంది, నేను చెబితే రాసుకుంటుంది. కానీ ఫోటో ఎదురైతే దాని నోరు పడిపోతుంది. ఆ ఫోటోలో ఏముందో ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాసి వెనక అతికించి ఉంచాలి. దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది లేకపోతే ఫోన్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది, లేదా ఫైలు పేరును అంకెలతో సహా అప్పజెబుతుంది.

నేను పనిచేసిన ఒక పాత సినిమాకు వార్షికోత్సవం వచ్చింది. ఫిల్మ్ నగర్‌లోని ఆ నిర్మాణ సంస్థ తన వెబ్‌సైటులో షూటింగ్ ఫోటోలు పెడుతోందని మా ఆవిడ చెప్పింది. ఫోన్ తెరిచి విన్నాను. ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్. ప్రతి ఇమేజ్ కింద మాత్రం ఒక పేరు స్పష్టంగా చదివింది. అది మా గురువుగారి పేరు.

ఆ రోజుల్లో పద్ధతి అది. షట్టర్ ఎవరు నొక్కినా ప్రింటు వెనక పడే రబ్బరు ముద్ర గురువుగారిదే. అసిస్టెంటు పేరు టైటిల్స్‌లో కూడా రాదు. నేను ఆయన దగ్గర పనిచేసినంత కాలం అలాగే జరిగింది. వందల ఫోటోలు పోతే పోయాయి. ఒక్క దాని గురించి మాత్రం నా కడుపుమంట చల్లారలేదు. వాన పాట షూటింగులో హీరోయిన్ విరామంలో టీ తాగుతూ నవ్విన ఫోటో. పత్రికలవాళ్ళు దాన్ని ముఖచిత్రంగా వేశారు. ఆ పత్రిక పట్టుకుని వచ్చి గురువుగారు నా ఎదురుగానే నిర్మాతతో "ఆ నవ్వు కోసం గంట కాచుకున్నానండీ" అన్నారు. ఆయన కాలం చేశారు. ఆ మాట మాత్రం నా చెవిలో ఇంకా ఉంది.

అందుకని సంస్థకు రాశాను. మొదటిది, మీ ఫోటోలు చూపులేనివాళ్ళకు గోడలు. రెండవది, ఆ టీ ఫోటో నాది, కింద నా పేరు ఉండాలి.

వారం గడిచాక మళ్ళీ విన్నాను. ఫోన్ ఇప్పుడు మాట్లాడింది. "కుర్రకారు గుండెల మహారాణి, నవ్వుల జాబిలి, తెలుగుతెర కలల రాకుమారి అదిరిపోయే లుక్" అంది. తరువాతి ఫోటోకూ అదే, ఆ తరువాతిదానికీ అదే. సినిమావాళ్ళకు మనిషి పేరు ముందు బిరుదు పెట్టకపోతే పాపం చేసినట్టు ఉంటుంది. కళ్ళున్నవాడికి బిరుదుతో పాటు బొమ్మ కూడా కనిపిస్తుంది. నాకు బిరుదే మిగిలింది. గురువుగారి పేరు కదల్లేదు. మళ్ళీ రాశాను, ఈసారి కొంచెం కారంగా.

అప్పుడు ఆఫీసుకు రమ్మని ఫోన్ వచ్చింది.

పబ్లిసిటీ మేనేజర్ మర్యాదస్తుడు, భయస్తుడు. "బిరుదులు నేనే పెట్టించానండీ, ఫ్యాన్స్ ఫీలవుతారని" అన్నాడు. "పేరు విషయం మాత్రం కష్టమండీ. నెగెటివ్‌లు ఇచ్చింది గురువుగారి అబ్బాయి. రుజువు లేకుండా మారిస్తే ఆయనేమనుకుంటారు?"

"నా మాట రుజువు కాదా?"

"మీకు కనబడదు కదండీ" అని నాలుక కరుచుకున్నాడు. ఆ మాట కూడా నా లెక్కలో చేరింది.

ఫోటోల పని చూసే అమ్మాయి పక్క కుర్చీలో ఉంది. బోరబండ నుంచి వస్తుందట. కొత్తగా చేరింది. "సార్, బిరుదులన్నీ తీసేస్తున్న. మొత్తం మళ్ళ రాస్తున్న. మీరు గీడ కూసుండి వినుండ్రి, తప్పుంటే చెప్పుండ్రి" అంది. జాలిపడకుండా పని చెప్పింది. అక్కడే నాకు నచ్చింది.

ఆమె కంప్యూటరులో ఫోటోలు చదివే పరికరం ఒకటి ఉంది. ఫోటో ఇస్తే అది ఒక చిత్తు రాసిస్తుంది. మొదట టీ ఫోటోయే పెట్టించాను. పరికరం రాసింది, ఆమె దిద్దింది, దిద్దినది చదివింది.

"వాన సీను నడుమ విరామంల హీరోయిన్, తడి చీర మీద తువ్వాలు కప్పుకొని, రెండు చేతులతోని టీ గ్లాసు పట్టుకొని నవ్వుతున్నది. వెనక ఒకామె నల్ల గొడుగు పట్టింది." చదివి, "ఇది మాటల్ల చెప్పిన సార్. ఎక్కించేటప్పుడు పుస్తకం భాషల పెడ్త" అంది.

చూపు పోయాక ఆ ఫోటో నాకు తిరిగి కనిపించడం అదే మొదటిసారి.

"'ఫోటోలో' అని మొదలుపెట్టలేదేమ్మా?"

"ఎందుకు సార్? ఇమేజ్ అని మీ ఫోనే ముందుగాల చెప్తది గదా. మళ్ళ నేను చెప్పుడు దండగ. మిషన్‌కు ఆమె ఎవరో ఎర్క లేదు, 'ఒక మహిళ' అని రాసింది. పేరు నేనే పెడ్త. తువ్వాలును దుప్పటి అన్నది, దిద్దిన."

"బాగుంది. చివర 'తీసినది' అని నా పేరు కలుపు."

"కలపను సార్."

"ఏం?"

"ఫోటోల కనబడేది గీ ఆల్ట్ టెక్స్ట్‌ల రాస్తం. తీసినోళ్ళ పేరు కింద క్యాప్షన్‌ల రావాలె, అందరికి కనబడేటట్టు. గీడ దాస్తే మీకొక్కరికే వినబడ్తది. మీకు గదేనా కావల్సింది?"

నా జీవితంలో నన్ను ఒక్క ప్రశ్నతో ఆపినవాళ్ళు తక్కువ. ఆమె చెప్పింది నిజం. నా చెవిలో నా పేరు నేను వినడానికి ఇంత దూరం రాలేదు.

"పోనీ, ఆ పరికరం రాసిందంతా చదువు. నువ్వు కొట్టేసింది కూడా."

"శానా పొడుగుంది సార్."

"నాకేం పనుంది?"

ఆమె చదివింది. తువ్వాలు, గ్లాసు, గొడుగు అయ్యాక, "ముందు భాగంలో తడి నేల మీద కెమెరా పట్టుకున్న వ్యక్తి నీడ కనిపిస్తోంది" అని వచ్చింది.

నేను కుర్చీలోంచి లేచాను. "అది నేనే! వినండి మేనేజర్ గారూ! సన్నగా ఉంటుంది చూడండి నీడ. గురువుగారు అప్పటికే బానలా ఉండేవారు!"

మేనేజర్ వంగి చూస్తున్నట్టున్నాడు. ఆయన కుర్చీ కిర్రుమంది. అమ్మాయి ఆలస్యం చేయలేదు.

"కాదు సార్. అందుకే కొట్టేసిన. పెద్దగ చేసి చూసిన, అది లైట్ స్టాండ్ నీడ. మూడు కాళ్ళున్నయి. మిషన్ ఒక్కోపారి లేనిది సుత ఉన్నట్టే ధీమాగ రాస్తది."

"నా వైపు సాక్ష్యం చెబుతోంది కదమ్మా, వదిలేయకూడదూ?"

"అబద్ధపు సాక్ష్యం మీకెందుకు సార్?" అంది నవ్వుతూ.

కోపం వచ్చింది. ఆ కోపం అడుగున గౌరవం ఉందని అప్పుడే తెలుసు, కానీ ఒప్పుకోవడం నా అలవాటు కాదు. "ఇంకేమైనా ఉందా?" అన్నాను విసుగ్గా.

"ఒక్క ముక్కుంది. అంచున ఉన్నది, వెబ్‌సైటుల చదరం లెక్క కోస్తం కాబట్టి అది ఎట్లైనా పోతది, అందుకని తీసేసిన. 'కుడివైపు అంచున ఇనప పెట్టె మీద తెల్ల టోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. మెడలో రెండు కెమెరాలు వేలాడుతున్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాడు.'"

ఒక్కసారి నాకు ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. గురువుగారు భోజనం చేసి లెన్సుల పెట్టె మీద కునుకు తీస్తున్నారు. హీరోయిన్ నవ్వింది. ఆయన్ని లేపితే ఆ నవ్వు పోతుంది. మూడో కెమెరా నా చేతిలో ఉంది. నొక్కాను. ఆయన నిద్ర సంగతి నాకెప్పుడూ తెలుసు, చెబితే ఎవరు నమ్ముతారు? ఆయన ఫ్రేములో పడ్డారని మాత్రం తెలియదు. నెగెటివ్‌లు ఆయన దగ్గరే ఉండేవి, బయటికి వచ్చిన ప్రతి ప్రింటులోనూ కుడివైపు కోసే ఉండేది. ఎందుకు కోశారో ఇప్పుడు అర్థమైంది.

"అమ్మా, ఆ మనిషి ఎవరో ఆ పరికరాన్ని అడుగు."

"అది చెప్పది సార్, కనబడేదే చెప్తది. మీరెవరనుకుంటున్నరు?"

"నేను చెప్పను. చెబితే నా మాట రుజువు కాదంటారు. వెబ్‌సైటు మొదట గురువుగారి ఫోటో పెట్టారని మా ఆవిడ చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూడండి."

మౌస్ టకటకలాడింది. మేనేజర్ కుర్చీ ఆమె వైపు జరిగింది.

"టోపీ అదే" అంది అమ్మాయి మెల్లగా. "గడ్డం కింద పుట్టుమచ్చ సుత గదే."

"ఆయన కెమెరాలు ఆయన మెడలోనే ఉన్నాయండీ" అన్నాడు మేనేజర్, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. కాసేపటికి గురువుగారి అబ్బాయికి ఆ ఫోటో పంపి, ఫోన్ చేసి, నాకు వినబడేలా స్పీకర్ పెట్టాడు.

అవతల పెద్దగా నవ్వు. "మా నాన్నే! భోజనం చేశాక ఆయన్ని లేపే మొనగాడు మా ఇంట్లోనే లేడు, సెట్లో ఎవడుంటాడు? మరి ఫోటో తీసిందెవరు?"

మేనేజర్ నా పేరు చెప్పాడు. "అయితే ఆయన పేరే వేయండి, అందులో నన్నడిగేదేముంది" అన్నాడు అబ్బాయి. ఇన్నేళ్ళ నా మంట ఆయనకు ఒక్క నిమిషం పని.

గెలిచాను కాబట్టి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. కోయకుండా మొత్తం ఫోటో పెట్టమన్నాను. దానికి ఒప్పుకున్నారు. "అయితే ఆల్ట్ టెక్స్ట్‌లో 'నిద్రపోతున్న ఫోటోగ్రాఫర్' అని రాయమ్మా" అన్నాను.

"కళ్ళు మూసుకున్నడు అని రాస్త సార్. కనబడేది గదే. నిద్రపోయిండు అని మీరు చెప్తున్నరు."

"ఆయన గురక నేను విన్నాను!"

"గురక ఫోటోల పడలేదు సార్."

మేనేజర్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఇంత మొండిది నా కాలంలో సెట్ మీద ఉండి ఉంటే, ప్రింట్ల వెనక ముద్రలు సరిగ్గా పడేవి.

ఆమె చివరికి ఖాయం చేసిన మాటలు చదివింది, పుస్తకం భాషలో. "వాన సన్నివేశం విరామంలో హీరోయిన్ తువ్వాలు కప్పుకుని టీ గ్లాసుతో నవ్వుతోంది. కుడివైపు పెట్టె మీద స్టిల్ ఫోటోగ్రాఫర్ కళ్ళు మూసుకుని కూర్చున్నారు, మెడలో రెండు కెమెరాలు." హీరోయిన్ పేరు, గురువుగారి పేరు ఉండాల్సిన చోట ఉన్నాయి. కింద క్యాప్షన్‌లో నాది. పరికరం రాసిన దానిలో సగం కూడా మిగల్లేదు, అయినా అది రాయకపోతే ఆ సగమూ ఉండేది కాదు.

"ఇంగ మిగిలినయి సార్" అని ఇంకో ఫోటో తెరిచింది. పరికరం చిత్తు వచ్చింది. మసక వెలుతురులో వృద్ధుడైన నటుడు అద్దం ముందు మీసం అతికించుకుంటున్నాడు, ముఖం సగం చీకట్లో ఉంది, వెలుగంతా వేళ్ళ మీద ఉంది.

"దీని కింద సుత పేరు మార్చాల్నా సార్?"

ఆ వెలుగు నాకు తెలుసు. గురువుగారు లైటు వేయించలేదు. కిటికీ తలుపు బెత్తెడు తెరిపించి, ఆ వెలుగు వేళ్ళ మీదికి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డారు. నేను పక్కన తలుపు పట్టుకుని ఉన్నాను.

"వద్దమ్మా. అది ఆయనదే" అన్నాను. "వెలుగు వేళ్ళ మీద ఉందన్న మాట మాత్రం కొట్టేయకు."