తొమ్మిది వందల గడులు

ఉప్పాడ చేనేత కార్మికురాలు సాయిదుర్గ వైద్య ఫైలులో, మొదటి పేజీ మీద, ఒక అబద్ధం రాసి ఉంది. ‘నెలసరి తేదీల విషయంలో పేషెంటు మాట నమ్మదగినది కాదు.’ ఒక ప్రైవేటు సంతాన సాఫల్య కేంద్రం ఆ మాట రాసింది. ఏడాది పాటు ఆమెకు అండం విడుదల కావడానికి మందులిచ్చింది. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా థైరాయిడ్ పరీక్ష చేయించలేదు.

ఆ కేంద్రం ఎవరి లెక్కను నమ్మలేదో తెలియాలి. సాయిదుర్గ, భర్త గణేష్‌బాబు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జమ్దానీ చీరలు నేస్తారు. చీర మీది పూల బుటా ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో గళ్ల కాగితం చెబుతుంది. ఒక్క పోగు తప్పినా ఆమె కన్ను పట్టేస్తుంది. నేసినదంతా విప్పి మళ్లీ నేస్తుంది. పిల్లలు కావాలనుకున్న రోజునుంచి అలాంటి కాగితం మీదే తన రోజులకు గుర్తులు పెట్టుకుంది. రోజుకొక గడి. మామూలు రోజుకు పెన్సిల్ చుక్క, నెలసరి రోజుకు ఎర్ర రంగు. రెండున్నరేళ్లలో తొమ్మిది వందలకు పైగా గడులు నిండాయి. తుపానుకు సముద్రం వీధిలోకి వచ్చిన రోజున, ఇంట్లోంచి ముందుగా బయటికి తెచ్చింది ఆ కాగితాలున్న కవరునే.

నలభై ఏడు రోజులు, అరవై రెండు, ముప్పై తొమ్మిది, డెబ్భై ఒకటి. ఎర్రగడుల మధ్య దూరం అది. ఆ కేంద్రం మాత్రం అందరికీ ఇరవై ఎనిమిది రోజుల లెక్కే వేసింది. ఇరవై ఒకటో రోజున రక్తం తీసి, అండం విడుదల కాలేదని తేల్చింది. తరువాతి నెలసరికి వారం ముందు చేయాల్సిన ఆ పరీక్ష, అరవై రోజులకు నెలసరి వచ్చే మనిషికి ఇరవై ఒకటో రోజున ఏమీ చెప్పదు. లెక్క కుదరనప్పుడల్లా ఆమెనే తప్పుబట్టారు. చివరికి ఇక ఐవీఎఫ్ తప్ప దారి లేదన్నారు.

సాయిదుర్గ అక్కడి ఫైలు అడిగి తీసుకుని, ఆ వాక్యం చదివి, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్ శ్రీసుధ తేదీలు అడిగితే కవరు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

“చెప్పినా నమ్మరేమోనండి.”

గణేష్‌బాబు కవరు తీసి బల్ల మీద పెట్టాడు. “డాక్టర్ గారూ, ఒక్క పోగు తప్పితే నన్ను మగ్గం మీంచి లేపేస్తుందండి ఈవిడ. ఈ లెక్కలో మాత్రం తప్పుతుందా?”

శ్రీసుధ ఒక్కో కాగితాన్నీ గడి గడినా వేలు పెట్టి చదివింది. తరువాత జుట్టు రాలడం గురించి, అలసట గురించి, ఎండలో కూడా వేసే చలి గురించి అడిగింది. గొంతు తడిమి చూసింది.

“ఇంత శ్రద్ధగా రాసిన చరిత్ర నా చేతికి ఎప్పుడూ రాలేదమ్మా. మీకు థైరాయిడ్ పరీక్ష ఎవరూ రాయలేదా?”

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఇరవై రెండు; మామూలుగా నాలుగు దాటకూడదు. గొంతులో ఉండే రెండంగుళాల థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను చేయలేకపోతే, మెదడు టీఎస్‌హెచ్‌ను పెంచి దాన్ని పదేపదే పురమాయిస్తుంది. ఆ పురమాయింపే తల్లికి పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోనునూ పెంచి అండం విడుదలను ఆపగలదు. అంత చిన్న గ్రంథి మాట మీద అండాశయం నడుస్తుందని విని సాయిదుర్గ తన గొంతును తానే తాకి చూసుకుంది. ఇదొక్కటే కారణమని అప్పుడే చెప్పలేమనీ, ముందు దీన్ని సరిచేద్దామనీ శ్రీసుధ అంది.

పరగడుపున థైరాయిడ్ మాత్ర. గంట వరకూ టీ కాఫీలు లేవు. రక్తహీనతకు వాడే ఐరన్ మాత్రకు నాలుగు గంటల ఎడం. తెల్లారకముందే మగ్గం దగ్గరికి టీ తెచ్చే అత్తగారు మాణిక్యాంబ ఇప్పుడు ఫోన్ అలారం పెట్టి కాపలా కాసేది: “ఇంకా పది నిమిషాలుందమ్మా, గ్లాసు వైపు చూడకు.”

ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ ఆరుకు దిగింది. మోతాదు పెంచారు, తరువాత రెండుకు చేరింది. కాగితం మీద ఎర్రగడులు దగ్గరపడ్డాయి. నలభై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై మూడు, ముప్పై ఒకటి. తరువాతి నెలసరి రావలసిన గడి నుంచి శ్రీసుధ ఏడు గడులు వెనక్కి లెక్కపెట్టి సున్నా చుట్టింది. ఆ రోజే రక్తం తీశారు. అండం విడుదలైంది.

నాలుగు నెలల తరువాత ఒక గడి ఎర్రబడలేదు. పరీక్షలో గర్భం అని తేలిన రోజే, శ్రీసుధ ముందే చెప్పినట్టు, థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచడానికి ఆసుపత్రికి వెళ్లింది. ఇప్పుడు ఐదో నెల. చుక్కలు మాత్రం ఇంకా పెడుతూనే ఉంది.

ఆ సాఫల్య కేంద్రం యాజమాన్యానికి: సాయిదుర్గ ఫైలు మొదటి పేజీలోని ఆ వాక్యాన్ని కొట్టివేయండి. దాని కింద, ఆమె తేదీలన్నీ నిజమనీ, పరీక్ష చేయించనిది మీరేననీ రాసి, సంతకం చేసి, ప్రతిని ఆమె చేతికివ్వండి. నెలసరి తప్పుతున్న మరో స్త్రీకి మందుచీటీ రాసేముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆమె తేదీలు చెబుతుంటే, అడ్డు చెప్పకుండా రాసుకోండి.