నల్వోగా ఎంచిన ఫుట్‌బాల్ సినిమా

క్యోటెరా బజారులో నల్వోగాది రేకుల వీడియో హాలు. తెర మీద పరాయి భాష సినిమా ఆడుతుంటే, దాని మీదుగా మా లుగాండా భాషలో కథ చెప్పే మనిషి లేకపోతే మా ఊరివాళ్లు లోపల అడుగుపెట్టరు. సినిమా ఏదని అడగరు, గొంతు ఎవరిదని అడుగుతారు. నల్వోగా డిస్కులన్నిటిలోనూ గొంతు ఒక్కటే, ఆమె మొగుడు సెబున్యాది. మనిషి పోయాడు. ఆ గొంతు వింటూ ఆమె ఒక్కతే ఉడికించిన అరటికాయ మటోకె ముద్ద మింగుతుంది.

ఆడపిల్లల బడి నుంచి ఆటల మాస్టారు లుబోవా వచ్చాడు. అందరిలాగే అతనూ ఆమెని జజ్జా, అంటే అవ్వా, అంటాడు.

"శనివారం జిల్లా పోటీ, జజ్జా. పిల్లలకి ధైర్యమొచ్చే సినిమా చెప్పు."

"బాక్సింగుది ఉంది."

"అందులో ఒక్కడే గెలుస్తాడు. నాకు పదకొండు మంది లేవాలి."

"పరుగు పందెంది?"

"వాడు చివర్లో చస్తాడుగా! పిల్లలు ఏడ్చి పడుకుంటారు. ఓడిన జట్టు మళ్లీ నిలబడేది కావాలి. పొడుగ్గా ఉండకూడదు, సాయంత్రం ఆట సాధన ఉంది."

ఆడపిల్లల ఫుట్‌బాల్ సినిమా ఒకటుంది. సెబున్యా అందులో ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వేలా చెప్పాడు. ఇంకేం చూడకుండా అదే తీసింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. తెర మీద గోల్‌కీపరు వరసగా గోల్స్ వదిలేస్తోంది. "చేతులకి వెన్న రాసుకొచ్చావా తల్లీ?" అంది సెబున్యా గొంతు. హాలంతా గొల్లుమంది. తర్వాత అందరి చూపూ నముద్దు మీద పడింది. పోయినేడు పెనాల్టీలు వదిలిన కీపరు ఆ పిల్లే. చేతితొడుగులు బెంచీ మీద పడేసి బయటికి నడిచింది.

"వేరే పిల్లని చూసుకోండి సార్," అంది.

"నవ్వించమన్నానా, జజ్జా?" అన్నాడు లుబోవా.

అందరూ వెళ్లాక శబ్దం తీసేసి సినిమా మళ్లీ వేసుకుంది. అతని గొంతు లేకుండా చూడడం అదే మొదలు. గోల్స్ పడ్డాక ఆటగత్తెలంతా వెనక్కి పరుగెత్తి కీపరు చుట్టూ నిలబడ్డారు. ఇన్నేళ్లూ ఆ చోట సెబున్యా జోకు ఉండేది, ఎవరికీ ఇది కనపడలేదు.

పొద్దున్నే బడికి పోయి లుబోవాని పట్టుకుంది. "సినిమా మంచిదే. చెప్పినవాడే చెడగొట్టాడు. పిల్లల్ని మళ్లీ పంపు, మాటలు వాళ్లే చెబుతారు."

శబ్దం లేని తెరకి ఒక్కో పిల్ల ఒక్కో ఆటగత్తె మాట అందుకుంది. కీపరు వంతు వచ్చేసరికి, తలుపు దగ్గర నిలబడ్డ నముద్దు లోపలికి వచ్చింది.

"నాకు భయంగా ఉంది, దగ్గరగా నిలబడండే," అంది నముద్దు, తెర వైపే చూస్తూ.

"నిలబడ్డాం కదే మొద్దూ, నువ్వు బంతి చూసుకో!" అన్నారు వెనక బెంచీవాళ్లు.

సినిమా అయ్యాక ఆ పిల్ల చెయ్యి చాపి, మాస్టారు తీసి దాచిన తొడుగులు తీసుకుంది.

పిల్లలు అరుచుకుంటూ వెళ్లిపోయారు. నల్వోగా ఖాళీ బెంచీ మీద కూర్చుంది. మొగుణ్ణి మట్టిలో పెట్టిన రోజు కూడా హాల్లో అతని సినిమా ఆడుతూనే ఉంది. అతను లేడన్న సంగతి, అతని గొంతు లేకుండా సినిమా ఆడిన ఇవాళే ఈ హాల్లోకి వచ్చింది.