ఒక సెకను రెండుసార్లు వచ్చిన ఉదయం

మా ఇంట్లో పిరికిదాన్ని నేనే. మావాళ్లు వలసొచ్చిన హిందీ ఊళ్లో, ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో మా క్వార్టర్ వెనక కొలిమి ఎరుపు ఆకాశమంతా పరుచుకుంటే మిగతా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు, నేను మంచం కింద దూరేదాన్ని. అలాంటిదాన్ని పెద్దయ్యాక అదే ప్లాంట్‌లో ఇంజినీరునయ్యాను. అయితే కొలిమి దగ్గర కాదు, గడియారాల దగ్గర. టెలికాం విభాగంలో ఒక చల్లటి గది, అందులో మాస్టర్ గడియారం. ఢిల్లీ నుంచి రేడియోలో వచ్చే సమయ సంకేతాన్ని అందుకుని అది ప్లాంటంతటికీ టైము పంచుతుంది. గడియారం ఎవరినీ కాల్చదు కదా అనుకుని ఆ పని ఒప్పుకున్నాను.

మా అన్నయ్య కథ వేరు. అతను ఉక్కు పోత పోసే యంత్రం, కాస్టర్ మీద పనిచేసేవాడు. నడుమెత్తు రాగి పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని మోల్డ్ అంటారు. పైనుంచి అందులోకి కరిగిన ఉక్కు పడుతుంది. చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అంచులు గట్టిపడి, ఉక్కు కింది నుంచి ఎర్రటి దిమ్మెలా దిగుతుంది. ఆ మోల్డ్ నోటి దగ్గర నిలబడి, లోపల ఉక్కు మట్టం చూస్తుండడం అన్నయ్య పని. పెరిగితే పొంగుతుంది, తగ్గితే గట్టిపడని ఉక్కు కింద చీల్చుకు పోతుంది. ముంజేతి మీద పాత మచ్చలు చూపించి, ఇవి నా సర్టిఫికెట్లే అనేవాడు.

తొంభైల్లో ఆ వేసవిలో కాస్టర్‌కి కొత్త కంప్యూటర్ వచ్చింది. మట్టం చూసి స్టాపర్‌ని, అంటే ఉక్కు ధారని ఆపే కడ్డీని, అదే ఎత్తి దించుతుంది. దానికి టైము మా మాస్టర్ గడియారం నుంచే కావాలన్నారు. నేనే కేబుల్ వేయించాను. కంపెనీ తరఫున వచ్చిన కుర్ర ఇంజినీరు మాటల్లో చెప్పాడు: సెకనుకోసారి గడియారం చూసి, ముందు సెకనుకీ ఈ సెకనుకీ ఎంత ఉక్కు దిగిందో దాన్ని ఆ మధ్య కాలంతో భాగిస్తుందట. అలా వేగం తెలుస్తుందట. మరి ఒకే సెకను రెండుసార్లు వస్తేనో అని అడిగాను. సున్నాతో భాగించాలి కదా, ఆగిపోతుంది, కానీ దీదీ, కాలం రెండుసార్లు ఎక్కడొస్తుంది అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. తర్వాత వారానికి అతను సెలవు మీద ఊరెళ్లిపోయాడు.

కాలం రెండుసార్లు వస్తుందని నాకు తెలుసు. అప్పటికి వరుసగా రెండేళ్లు జూన్ ఆఖర్న నేనే తెప్పించాను. మూడోసారికి కాగితం నా బల్ల మీద ఉంది.

లీప్ సెకను గురించి ఇంట్లో చెబితే అన్నయ్య అన్నం కలుపుతూ, “ఏటి, భూమి లేటైపోతందా? మెమో ఇచ్చీండి మరి,” అన్నాడు. వదిన మాత్రం నిజంగానే అడిగింది. అందుకని ఆవిడకి చెప్పాను. అణు గడియారాలు సీజియం పరమాణువు కంపనాలు లెక్కపెట్టి నడుస్తాయి, వాటికి అలుపు లేదు. భూమి అలా కాదు. చంద్రుడు సముద్రాల్ని అటూ ఇటూ లాగుతుంటే ఆ రాపిడికి దాని తిరుగుడు వందల ఏళ్ల మీద మందగిస్తూ వచ్చింది. పైగా దాని లోపలి కదలికల వల్ల ఒక ఏడాది కాస్త వేగం, ఒక ఏడాది కాస్త నిదానం. సెకను పొడుగు మాత్రం పాతకాలపు భూమి తిరుగుడుని బట్టి ఖాయం చేసేశారు. అందుకని ఇప్పటి రోజు ఆ లెక్క కంటే సెకనులో వెయ్యో వంతో, రెండు వంతులో ఎక్కువ పడుతుంది. రోజూ ఆ చిల్లర పోగవుతుంది.

“అమ్మమ్మతో బజారుకెళ్లినట్టు,” అన్నాను. “మనం ముందు నడిచిపోతాం. కొంత దూరం పోయాక ఆగి, ఆవిడ వచ్చిందాకా నిలబడతాం.”

భూమికీ గడియారానికీ తేడా సెకను దాటకూడదని నియమం. దూరపు నక్షత్రరాశుల్ని చూసి భూమి ఎంత తిరిగిందో కొలిచేవాళ్లు పారిస్‌లో ఉంటారు. తేడా పెరుగుతుంటే నెలల ముందే చెబుతారు. అప్పుడు ప్రపంచంలోని గడియారాలన్నీ ఒకే క్షణంలో ఒక సెకను ఆగుతాయి. లండన్ అర్ధరాత్రి లెక్కన ఆ క్షణం మనకు తెల్లవారి ఐదున్నర. పద్ధతి ప్రకారం ఆ నిమిషానికి అరవై ఒక్క సెకన్లుండాలి, యాభై తొమ్మిది తర్వాత అరవై చూపించాలి. మా పాత మాస్టర్ గడియారానికి అరవై చూపించడం రాదు. అది యాభై తొమ్మిదినే ఇంకోసారి చెబుతుంది.

వదిన అంతా విని, మరి ఆ టైముకి మీ అన్నయ్య ఎక్కడుంటారు అంది. నైట్ షిఫ్టు. మోల్డ్ దగ్గర. ఆ మాట నా నోటితో చెబుతుంటే పై ప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు మా అధికారి దగ్గరికి పరిగెత్తాను. కంప్యూటర్ ఆగితే స్టాపర్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది, ఉక్కు పడుతూనే ఉంటుంది, చేత్తో ఆపేలోపు మోల్డ్ పొంగుతుంది, ఆ టైముకి పోత ఆపండి అన్నాను. ఆయన మంచివాడు, వెటకారం చేయలేదు. ఒక సెకను కోసం కొలిమి దగ్గర సిద్ధంగా ఉన్న ఉక్కుని ఆపమని తను ఎవరినీ ఒప్పించలేనని మాత్రం అన్నాడు. చివరికి ఆ టైముకి కేబుల్ పీకేద్దామని తేల్చాం. టైము అందకపోతే కంప్యూటర్ తన లోపలి గడియారంతో నడుస్తుంది, ఒక పసుపు హెచ్చరిక చూపిస్తుందంతే. ఆరుకి ముందు ఆడవాళ్లు లోపలికి రాకూడదు కాబట్టి నాకు విడిగా అనుమతి రాయించాడు.

ఆ తెల్లవారు వాన. కాస్టర్ పైకి మెట్లెక్కుతుంటే వేడి ముఖానికి కొట్టింది. కంప్యూటర్ గది అద్దంలోంచి అన్నయ్య వీపు కనిపిస్తోంది. అతని ముందు మోల్డ్ నోట్లో తెల్లటి వెలుగు. నేను వచ్చానని తెలిసి వెనక్కి తిరిగి, రెండు చేతులూ చెంపలకి ఆనించి భయపడుతున్నట్టు నటించాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తిట్టుకుంటూనే కేబుల్ పీకాను. పసుపు హెచ్చరిక వచ్చింది, అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

ఐదున్నర కావచ్చింది. గోడ మీద మా మాస్టర్ టైము చూపించే చిన్న డబ్బా యాభై తొమ్మిది అంది. మళ్లీ యాభై తొమ్మిది అంది. నేను ఊపిరి బిగబట్టి అన్నయ్య వీపు చూస్తున్నాను. అది కదల్లేదు. డబ్బా సున్నాకి వచ్చింది. భూమి వచ్చి గడియారాన్ని కలుసుకుంది, ఏమీ కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా అధికారి తడిసిన గొడుగుతో పైకొచ్చాడు. నన్ను చూసి సంతోషంగా నవ్వి, వంగి కేబుల్ అందుకున్నాడు. ఎందుకో అప్పుడు నా కళ్లు గోడ మీదికి పోయి, అక్కణ్నుంచి కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. తెర మీద టైము డబ్బా కంటే ఒక సెకను ముందుంది.

ఉండదూ మరి? ఆ సెకను గురించి దానికి ఎవరూ చెప్పలేదు. అందరూ ఆగినప్పుడు అది ఆగలేదు. ఇప్పుడు కేబుల్ పెడితే మాస్టర్ టైము చూసుకుని, ఒక సెకను వెనక్కి వస్తుంది. చూసిన సెకనే మళ్లీ చూస్తుంది, మధ్య కాలం సున్నా. నేను ఏ సున్నాకి భయపడి తెల్లారగట్ల పరిగెత్తుకొచ్చానో, అదే సున్నా ఆయన చేతిలో, సాకెట్‌కి జానెడు దూరంలో ఉంది. గండం గడవలేదు. దాన్ని నేనే జాగ్రత్తగా దాచిపెట్టాను.

ఆయన మణికట్టు పట్టుకున్నాను. పై అధికారి చెయ్యి పట్టుకోవడం నా జీవితంలో అదొక్కసారే.

“అబ్ క్యా బచా హై?” ఇంకేం మిగిలిందని ఆయన అడిగాడు.

నా హిందీ అంతా ఎగిరిపోయింది. గోడ చూపించాను, తెర చూపించాను. ఆయన రెండిటినీ కాసేపు చూశాడు. ముఖంలో రంగు మారింది. కేబుల్ నా చేతిలో పెట్టి, పోత అయ్యేదాకా ఇది నీ దగ్గరే ఉండాలి, ఎవరికీ ఇవ్వకు, నాకైనా సరే అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఒక సెకను భయమైతే ఎలాగో పడొచ్చు. ఇది గంటల భయం. ఒక లేడిల్, అంటే కరిగిన ఉక్కు తెచ్చే పెద్ద బాన, అయిపోతే క్రేన్ ఇంకో లేడిల్ తెచ్చేది. మరోదా వైపు రోడ్డు మునిగి రిలీవర్ రాలేదని అన్నయ్య డబుల్ డ్యూటీ చేస్తున్నాడు, ఆ వీపు అక్కణ్నుంచి కదలదు. పసుపు హెచ్చరిక చూసి సాయం చేద్దామని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. పక్క ఊరు ఉతై నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్ భయ్యా కేబుల్ ఊడిందని కంగారుపడి నా చేతిలోంచి లాక్కోబోయాడు. అతని మీద అరిచాను, పాపం. బాత్రూమ్‌కి కూడా వెళ్లలేదు. కేబుల్‌ని పమిట కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. భూమిని కూడా తిట్టాను. తల్లీ, నీ నడక నువ్వు సరిగ్గా నడవొచ్చు కదా అన్నాను.

మధ్యలో అన్నయ్య నీళ్లు తాగడానికి గదిలోకి వచ్చాడు. నేను వణుకుతుంటే చూసి నవ్వాడు.

“ఒలే, అయిపోనాది కదేటే. ఇంకా ఏటి పట్టుకుని కూకున్నావు?”

అవలేదు, నువ్వు అక్కడ ఉన్నంతసేపూ అవదు అన్నాను. నీకెప్పుడూ ఇంతే, తాడు కనిపిస్తే పామంటావని వెళ్లిపోయాడు. అతను అన్నదాంట్లో తప్పులేదు. నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. ఆ కుర్రాడు వేళాకోళానికి అన్న మాట పట్టుకుని, నేనే పిచ్చిదాన్నయి కూర్చున్నానేమోనని.

పొద్దెక్కాక ఆఖరి లేడిల్ ఖాళీ అయింది. మోల్డ్‌లోంచి దిమ్మె తోక కిందికి జారిపోయింది, వెలుగు ఆరింది. మా అధికారి, కంప్యూటర్ లెక్క ఆగకుండా, దిమ్మెని కిందికి లాగే రోలర్లని ఖాళీగా తిప్పుతూ ఉంచమని చెప్పి, పెట్టమన్నట్టు తలూపాడు. అన్నయ్య మోల్డ్ దగ్గరే నిలబడి అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు, ముఖంలో ఇంకా ఆ నవ్వు ఉంది.

కొంగు విప్పి కేబుల్ పెట్టాను.

తెర మీద టైము ఒక సెకను వెనక్కి దూకింది. అంకెలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఒక ఎర్ర గీత వచ్చి తెర అడుగున కూర్చుంది. అద్దం అవతల పైకెత్తి ఉన్న స్టాపర్ కిందికి దిగకుండా, బిగిసినట్టు అలాగే ఉండిపోయింది.

తలుపు తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లాను. అతను స్టాపర్ వంక చూశాడు, దాని కింద చల్లబడుతున్న ఖాళీ మోల్డ్ వంక చూశాడు. తర్వాత గ్లౌజు తీసి, మోల్డ్ అంచు నుంచి తన బొడ్డు దాకా జానలతో కొలుచుకున్నాడు. రెండు జానలు కూడా లేదు. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

“ఈడే కదేటే నేను నిలబడతాను,” అన్నాడు, నాతో కాకుండా తనతో తనే చెప్పుకుంటున్నట్టు.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. అతను నా కొంగు చివర పట్టుకుని చిన్నప్పటిలా నా ముఖం తుడిచాడు, మసి అంతా నా చెంపలకి పూసేశాడు. మెట్లు దిగుతుంటే, మీ వదినకి చెప్పకు అని మాత్రం అన్నాడు. అతని చెయ్యి నా భుజం మీద ఉంది. అప్పటిదాకా నా ఒక్కదానిదే అనుకున్న వణుకు ఆ చేతిలో ఉంది.