తెర మీద మూడు కోళ్లు

ఎడారి మధ్య ఖర్జూరపు తోటలను పచ్చగా నిలబెట్టిన దేవునికి స్తోత్రం. సౌదీలోని హుఫూఫ్‌లో ఒక వంటమనిషి చేసిన తెలివితక్కువ పనిని సైతం మేలుకు తిప్పిన ఆయన నామానికే మహిమ. ఆయన కృపను చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. చదువుతూ నవ్వొస్తే నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది గోదావరి పక్క పల్లె. ఇక్కడి ఇంట్లో వంట నాది. పిల్లల్ని చూసుకునే పని ఇండోనేషియా అమ్మాయిది. కారు నడిపేది జగిత్యాల వైపు కుర్రాడు, నేను తమ్ముడనే పిలుస్తాను. ఆ అమ్మాయికీ నాకూ మధ్య నడిచేది వంటింటి అరబ్బీ, మిగతాది చేతి సైగలు. డ్రైవరు తమ్ముడు నన్ను పిలవగా విని తనూ నన్ను ‘అక్కా’ అనే పిలుస్తుంది.

ఆ అమ్మాయి సొంత తమ్ముడు జావాలో కోళ్లు పెంచుతాడు. రోజూ వాళ్ల దేశపు యాప్‌లో లైవ్ పెట్టి, గూడు ముందు కూర్చుని, కోళ్లకు మేత వేస్తూ కబుర్లు చెబుతాడు. పక్కనే పీట మీద వాళ్లమ్మ ఉంటుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. ఈ అమ్మాయి ఇక్కణ్ణించి రోజుకొక గులాబీ బొమ్మ పంపుతుంది. తెర మీద పువ్వు లేవగానే తమ్ముడు అక్క పేరు గట్టిగా చదువుతాడు. అది విని ఆ తల్లి తల ఊపుతుంది. కూతురు క్షేమం అని ఆమెకు కబురు అందేది అలాగే. జీతం అందగానే ఈ అమ్మాయి ఆ పువ్వుల కోసం నెలకు సరిపడా యాప్ కాయిన్లు కొనుక్కుని పెట్టుకుంటుంది.

ఆ శుక్రవారం ఇంటివాళ్లు తోటకు వెళ్లారు. మా సంఘం ప్రార్థన ఫోన్‌లో ముగించుకుని నేను వంటింట్లోకి వచ్చాను. మనసంతా మా ఊరి కోత పండుగ మీదే ఉంది. దానికి కానుకగా యాభై రియాళ్లు ఇస్తానని మొక్కుకుని, బైబిలు సంచిలో విడిగా పెట్టుకున్నాను. ఆ అమ్మాయి సంబూసాలకు, అదే ఇక్కడి సమోసాలకు, పిండి కలుపుతోంది. చేతులు మోచేతుల దాకా పిండి. ఖర్జూరపు పాకం డబ్బాకు ఆనించిన ఫోన్‌లో లైవ్ మొదలైంది.

“అక్కా, ఆ కానుకల గుర్తు నొక్కి, పువ్వు ముట్టుకుని, కిరిమ్ నొక్కు. ఒక్కసారే,” అంది. కిరిమ్ అంటే వాళ్ల భాషలో పంపడం.

నొక్కాను. గులాబీ లేచింది, వాళ్ల తమ్ముడు పేరు చదివాడు, తల్లి తల ఊపింది. అక్కడితో ఆగితే ఈ సాక్ష్యం ఉండేది కాదు. ఈలోగా ఆ అమ్మాయి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. తెర మీద తమ్ముడు బలమైన పెట్టనొకదాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. కింద కానుకల వరసలో కూడా ఒక కోడి, దాని కింద 90 అని అంకె.

మీలో కోత పండుగ ఎరిగినవాళ్లకు నా బుద్ధి ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. మా సంఘంలో ఆరాధన అయ్యాక పెద్దాయన ఇలాగే కోడిని ఎత్తి పట్టుకుని వేలం వేస్తాడు. పాడుకున్నవాళ్లు డబ్బు చెల్లించి, ఆ కోడిని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు. అదే కోడి నాలుగుసార్లు అమ్ముడుపోతుంది. రియాలుకు వాళ్ల రుపియాలు నాలుగు వేల పైచిలుకని ఆ అమ్మాయి చెప్పగా విన్నాను. అలాంటప్పుడు తొంభై ఒక లెక్కా? ఇంత మంచి పెట్ట రెండు హలాలాలకు, అంటే ఇక్కడి రెండు పైసలకు పోతోందే అని నాకు జాలి వేసింది.

నొక్కాను. తెర మీద బొమ్మ కోడి పరుగెత్తింది. పక్కన ఒకటి అంకె పడింది, బొత్తాం చుట్టూ గీత తిరగసాగింది. ఒకటోసారి అన్నమాట. ఆ గీత పూర్తయ్యేలోగా ఇంకెవరైనా పాడేస్తారేమోనని మళ్లీ నొక్కాను. రెండోసారి. మళ్లీ నొక్కాను. మూడోసారి. పాట ముగిసిందని చెయ్యి తీశాను. అడుగున ఒక మూల 290 ఉన్నది 200 అయి, 110 అయి, 20 దగ్గర ఆగింది. లైవ్ చూసే జనం పలచబడుతున్నారనుకున్నాను.

జావాలో తమ్ముడు గంతులు వేస్తున్నాడు. తల్లి మాత్రం లేచి నిలబడి ఏదో అడుగుతోంది. నిమిషంలో లైవ్ ఆగింది, ఫోన్ మోగింది. తడి చేతులతో ఆ అమ్మాయి పరుగున వచ్చింది. అవతల తల్లి ఏడుపు. రోజూ ఒక్క పువ్వు పంపే పిల్ల ఒక్కసారిగా మూడు కోళ్లు పంపిందంటే జబ్బేదో చేసి, ఉన్నదంతా ఇచ్చేస్తోందని ఆమె భయం.

నొక్కింది నేనని చెప్పి ఆమెను ఊరడించి, ఫోన్ పెట్టాక ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. కోపం లేదు. ముఖం మాత్రం పాలిపోయింది. అప్పుడే మా డ్రైవరు తమ్ముడు టీకి వచ్చి సంగతంతా విన్నాడు.

“కోడిని కొన్నవా అక్కా? గిప్పుడు ఏడ పెడ్తవ్? మేడం గదిలనా?”

“తొంభై రుపియాలే కదా తమ్ముడూ.”

“రుపియాలు గాదక్కా, కాయిన్లు. గా పక్క చూడు.” కాయిన్లు కొనే పేజీ తెరిపించి చూపించాడు. “మూడొందల కాయిన్లకు ఎనభై ఎనిమిది వేల రుపియాలు. మన లెక్కల ఇరవై రియాళ్లు. కోడికి ఆరు రియాళ్లు పడ్డది. మూడు కోళ్లకు పద్దెనిమిది.”

“పోనీ, ఆ డబ్బు వాళ్ల తమ్ముడికే చేరింది కదా.”

“సగమే, అక్కా,” అంది ఆ అమ్మాయి. “సగం యాప్‌ది. వాడి సగం కూడా వాడి చేతికి రాదు. ఇంత పోగైతేనే తీసుకోనిస్తారు. అంత ఇంకా కాలేదు.”

“అంటే కోడి ఉరికింది, ఈకలు కంపెనీవోనికి,” అన్నాడు డ్రైవరు తమ్ముడు. “బొమ్మకోడికి గింత ధర పెట్టినోళ్లను నేనైతే సూడలే. బిర్యానీ అన్న అయితదా గది?”

నాకు నవ్వు రాలేదు. మిగిలిన ఇరవై కాయిన్లు రెండు గులాబీలకు. ఆ తర్వాత జీతం దాకా ఆ తల్లికి కూతురి పేరు వినబడదు. ఫోన్ చేయొచ్చు కదా అన్నాను. మేడం శుక్రవారం తప్ప మాట్లాడనివ్వదని, పువ్వుకైతే మాట అక్కర్లేదని ఆ అమ్మాయి చెప్పింది.

నా గదిలోకి వెళ్లి బైబిలు సంచి తీశాను. ఆ యాభై దేవుడికి మొక్కినవి. అందులోంచి తీయడానికి మనసొప్పలేదు. మోకాళ్లూనితే వాక్యం వెంటనే ఎదురొచ్చింది. నీ వల్ల ఎవరికైనా నొప్పి కలిగి ఉంటే, కానుక పీఠం దగ్గరే ఉంచి, ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ఆయన. ఎన్నిసార్లు స్త్రీల సమాజంలో ఈ మాట మీద పాఠం చెప్పానో. బొమ్మకోళ్ల గురించి కూడా ఆయన ముందే ఆలోచించి పెట్టాడని నాకు తెలియదు.

పద్దెనిమిది రియాళ్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ అమ్మాయి వద్దంది, నేను ఒప్పుకోలేదు. డ్రైవరు తమ్ముడు మధ్యలో దూరి, “తీస్కో, లేకుంటే అక్క మళ్ల వేలం పాడ్తది,” అన్నాడు. తీసుకుంది. కాయిన్లు కొనుక్కుంది. గులాబీలు ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఊరికి ముప్పై రెండే పంపి, జరిగింది మా సంఘం పాస్టరు అయ్యగారికి ఫోన్‌లో చెప్పాను. ఆయనకు ఒకటే దగ్గు. నవ్వు ఆపుకుంటున్నారని తర్వాత అర్థమైంది.

మరుసటి శుక్రవారం లైవ్‌లో వాళ్ల తమ్ముడు ఆ పెట్టనే ఎత్తి చూపించాడు. కాలికి ఎర్ర రిబ్బను. అది హింద్ అక్కదని, అంటే ఇండియా అక్కనైన నాదని, వాళ్లమ్మ ఖాయం చేసిందట. ఎవరికీ అమ్మనివ్వదట. వేలంలో పాడుకున్న కోడి నాకు దక్కింది, మా పద్ధతి ప్రకారం మళ్లీ అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతోపాటు ప్రార్థించండి. చూపు ఆనని ఆ తల్లి చెవికి కూతురి పేరు రోజూ చేరాలని, ఆ కూతురు క్షేమంగా ఇల్లు చేరాలని అడగండి. ఎర్ర రిబ్బను పెట్ట గుడ్లు బాగా పెట్టాలని కూడా. చివరిగా నా కుడి చూపుడు వేలికి ప్రభువు నిగ్రహం దయచేయాలని. ఆమేన్.