మైకులో ఒక పేరు

మొయినాబాద్‌లో బస్సులు ఆగే చోట మిర్చి బజ్జీలు అమ్మే కరుణమ్మ, బడి వార్షికోత్సవం దగ్గరపడగానే హెడ్మాస్టరుకు ఉత్తరం రాయించి తానే తీసుకెళ్లింది. పరుగుపందెం బహుమతులు ఆమే ఇస్తుంది. బదులుగా మైదానంలో బజ్జీల కొట్టుకు జాగా ఇవ్వాలి, దాతగా కొడుకు ఆశీర్వాదం పేరు చదవాలి.

హెడ్మాస్టరు తల దించుకున్నాడు. ఆశీర్వాదం ఆయన దగ్గరే చదివాడు. నిరుడు, 1969 తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పులకు బలైపోయాడు.

"జాగా ఇస్త కరుణమ్మా. పేరు మాత్రం చదవలేను. పైవాళ్లు నన్ను నిలదీస్తరు."

కరుణమ్మ తెచ్చిన స్టీలు గ్లాసుల మూటను బల్ల మీద పెట్టింది.

"ఇవి పిల్లలకియ్యుండ్రి. జాగా నాకెందుకు సారూ? నా బజ్జీలు బస్సుల కాడనే అమ్ముడువోతయి. దాతలను మైకుల పిలుస్తరు గద... వాని పేరు ఒక్కపారి గట్టిగ పిలిస్తే విందామనుకున్న."