మా సిస్టర్ మేడం

నాకు మంచి మాట వినగానే దాని వెనక ఎవరున్నారా అని చూసే అలవాటు ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో అది జబ్బు కాదు, జాగ్రత్త. ఇక్కడ ఏ ఉద్యోగమైనా ముందు మామయ్య చెవిన పడుతుంది, తర్వాత మేనల్లుడి చేతికి వస్తుంది, ప్రకటన ఆఖరున వెలువడుతుంది. మా ప్రైవేటు ఫెర్రీ కంపెనీలో ప్రయాణికుల విభాగం నా చేతికి వచ్చినప్పుడు, ఈ పద్ధతి నా దగ్గర సాగదని గట్టిగా అనుకున్నాను.

సీజన్ మొదలయ్యేలోపు టికెట్ డెస్క్‌కి ఇద్దరు, షెడ్యూల్ చూసేందుకు ఒకరు కావాలి. షెడ్యూల్ మనిషి మీదే అంతా ఉంటుంది. సముద్రం అల్లకల్లోలమై బోటు ఆపమని పోర్టు నుంచి కబురొస్తే, ఎక్కాల్సిన వాళ్ళను ఏ బోటుకు మార్చాలి, ఎవరికి డబ్బు వాపసు ఇవ్వాలి, విమానం ఉన్నవాళ్ళను ముందెలా పంపాలి అన్నది ఆ మనిషే తేల్చాలి. మంచి ప్రకటన రాస్తే మంచివాళ్ళు వస్తారని చెన్నైలోని మా హెచ్‌ఆర్ అంది. నాకు నమ్మకం కుదరలేదు. అయినా ఉద్యోగాల సైట్లో నా పేరు మీదే పోస్టు పెట్టాను. తెల్లవారకముందే మొదలయ్యే షిఫ్టు, జీతం ఎంత నుంచి ఎంత వరకు, హిందీ తప్పనిసరి అని దాచకుండా రాశాను. చివర్లో ఇలా అడిగాను: "మీకు తెలిసినవాళ్ళను సూచించండి. వాళ్ళను పొగడకండి. ఒక చెడ్డ రోజున వాళ్ళు ఏం చేయగా మీరు కళ్ళారా చూశారో చెప్పండి. వాళ్ళు మీకెలా తెలుసో కూడా చెప్పండి."

మా కుర్రకారుకు తెలుగు మాట్లాడటం వచ్చినంతగా రాయడం రాదు. అందుకే అదే సంగతి తెలుగులో వాయిస్ మెసేజ్ చేసి మా చర్చి గ్రూపులోనూ, ఆఫీసు గ్రూపులోనూ వేశాను.

వచ్చిన సూచనలు చూసి నాకు భయం వేసింది. అందరూ మంచివాళ్ళే! రద్దయిన బోటు దగ్గర ఏడుస్తున్న ముసలాయనకు తన గదిలో చోటిచ్చిన అబ్బాయి, కంప్యూటర్ ఆగిపోతే కాగితం మీద సీట్లు గీసి జనాన్ని ఎక్కించిన అమ్మాయి. ఇంత మంచివాళ్ళు ఇన్నాళ్ళూ ఏ మూలన దాక్కున్నారు? ఎవరో కూర్చోబెట్టి రాయించారేమోనని సగం మందికి ఫోన్లు చేశాను. చెప్పినవన్నీ నిజమే. నాకు అనుమానం తగ్గలేదు, విసుగు మాత్రం పెరిగింది.

షెడ్యూల్ ఉద్యోగానికి అందరికంటే ముందున్నది హావ్‌లాక్ దీవిలో ఒక రిసార్టు డెస్క్ చూసిన ఆవిడ. ఆమె పేరు పంపింది నా కింద పనిచేసే అసిస్టెంటు మేనేజరు. వండూర్ వైపు మనిషి, మాలాగే తెలుగు చర్చి కుటుంబం, మా దగ్గర చేరి ఎక్కువ కాలం కాలేదు. వాయిస్ మెసేజ్‌లో అతనన్నది ఇంతే: "మా సిస్టర్ మేడం. తుఫాను టైమ్‌లో రిసార్ట్ మొత్తాన్ని ఒక్కతే సంభాలించింది. ఇంకేం చెప్పను, మీరే చూస్కోండి."

మా చర్చిలో పాట పాడేవాళ్ళంతా సిస్టర్లే, కుర్చీలు వేసేవాళ్ళంతా బ్రదర్లే. వాళ్ళ సంఘంలోని ఆవిడ కాబోలు అనుకున్నాను. ఆమె పేరు పక్కన ఉన్నది భర్త ఇంటిపేరు, అదీ ఏమీ చెప్పలేదు. ఇంటర్వ్యూకి ముగ్గురం కూర్చున్నాం: నేను, ఖాతాలు చూసే పెద్దాయన, ఆ అసిస్టెంటు మేనేజరు.

ఆమె బాగా చెప్పింది. తన సంగతీ దాచలేదు. రిసార్టు కాంట్రాక్టు అయిపోయింది, భర్త ఓడ మీద ఉన్నాడు, ఈ పని రాకపోతే చెన్నైలో ఒక హోటలు రమ్మంటోంది, బడికెళ్ళే కూతుర్ని ఇక్కడే వదిలి వెళ్ళాలి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మా ఇద్దరి వైపే చూసింది. మూడోవాడి వైపు చూడలేదు. అదెందుకో అని నా మనసులో ఒక గీటు పడింది.

మార్కులు కలిపితే అనుమానం నిజమైనట్టే అనిపించింది. నేనూ పెద్దాయనా ఆమెకే అందరికంటే ఎక్కువ వేశాం. ఆమెను పంపినవాడే ఆమెకు అందరికంటే తక్కువ వేశాడు! దాంతో ఆమె రెండో స్థానానికి జారింది. ఇదేం పద్ధతి? పేరు పంపడమెందుకు, తొక్కడమెందుకు? మొదటి స్థానంలోకి వచ్చినవాడితో ఏదో ఒప్పందం ఉందనుకున్నాను.

వండూర్ జెట్టీలో మా టికెట్లు అమ్మే ఆయనకు ఫోన్ చేసి, ఈ ఇద్దరి మధ్యా ఏమైనా గొడవ ఉందా భయ్యా అని అడిగాను.

"గొడవేంటి మేడం? సగీ బెహన్ కదా అతనికి! ఒకే ఇంట్లో ఉంటారు. మీకు మాలూమ్ నహీ?"

సగీ బెహన్. తోడబుట్టింది. వెంటనే అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"ఎందుకు దాచావు?"

"దాచలేదు మేడం," అన్నాడు. "మా సిస్టర్ అని మొదటి రోజే బోల్ దియా కదా."

"మరి ప్యానెల్‌లో ఎలా కూర్చున్నావు?"

"మీరే కూర్చోమన్నారు. మీకు తెలిసే కూర్చోబెట్టారు, నన్ను టెస్ట్ చేస్తున్నారనుకున్నా. మీరు ఎవర్నీ నమ్మరని ఆఫీసంతా చెప్తారు." గొంతు తగ్గించి అన్నాడు. "ఎక్కువ వేస్తే సిఫారసు అంటారు. అందుకే తక్కువేశా."

"మా సిస్టర్" అంటే చర్చి సిస్టర్ అనుకున్నది నేనే. నా మీద నాకే ఒళ్ళు మండింది. చెన్నైకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. హెచ్‌ఆర్ ఆ ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూని మొత్తంగా రద్దు చేసింది. ఆమెనొక్కదాన్నే మళ్ళీ పిలిస్తే మిగతావాళ్ళకు అన్యాయం కాబట్టి, ఆఖరిదాకా వచ్చిన అందరినీ, ఎవరి ముఖమూ తెలియని చెన్నై వాళ్ళు వీడియోలో కొత్త ప్రశ్నలు అడిగారు. నన్నూ ఆ ప్యానెల్ నుంచి పక్కన పెట్టారు. ఎవరు గెలిచినా అతని కింద కాక నా కింద పనిచేయాలన్నారు.

ఆమె అందరికంటే ముందు నిలిచింది. కబురు చెప్పడానికి పిలిస్తే కళ్ళు తుడుచుకుని, "ఇక కూతుర్ని వదిలి వెళ్ళక్కర్లేదు," అంది. తర్వాత నవ్వింది.

"మొదటిసారి మా అన్నని ఆ కుర్చీలో చూడగానే దిల్ బైఠ్ గయా మేడం, ఇక అయిపోయిందనుకున్నా. నాకు తక్కువేస్తాడని తెలుసు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో కూడా, ఎవరైనా చూస్తుంటే నా జట్టులో ఆడేవాడు కాదు, చెల్లెలి పక్షం అంటారని."

"అతను ఎన్ని వేశాడో నేను చెప్పకూడదు," అన్నాను.

"చెప్పక్కర్లేదు. ఈ కబురు మాత్రం మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మడు."

అతను డెస్క్ దగ్గర ఎవరికో టికెట్ మారుస్తున్నాడు. పక్కకు పిలిచి చెప్పాను. మొదట సంతోషించలేదు. "ప్యానెల్‌లో ఎవరెవరు కూర్చున్నారు మేడం?" అని అడిగాడు. మనిద్దరికీ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరని చెప్పాక నమ్మాడు. గోడకు ఆనుకుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"నేను తక్కువేసినట్టు దానికి తెలుసా?"

"నేను చెప్పలేదు. తనకే తెలుసు."

"అయితే ఈ రోజు ఇంటికెలా వెళ్ళేది మేడం?" అన్నాడు.