నీళ్ళ మీద వచ్చిన తలుపులు

కొలతలక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు, అంతగా అతుక్కుపోయింది ఆ పేరు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, మేకుకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు, మెడలో ఎప్పుడూ టేపు. మనిషిని చూడగానే భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పేస్తుంది. "ఏమ్మా, ఈమధ్య నడుం కాస్త టేపు దాటుతోందే" అని నడివీధిలో అనేసి ఎంతమంది చేత చివాట్లు తిందో!

అలాంటి మనిషి నలభై దాటాక డిగ్రీలో చేరింది. చిన్నప్పుడు ఆగిపోయిన చదువు చెప్పులో రాయిలా నలుగుతూనే ఉండేది మరి. ఆదివారాలు కాలేజీలో క్లాసులు, మిగతా రోజులు మిషను. అన్నీ గట్టెక్కాయి, చరిత్ర ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. పోయినేడు ప్రపంచ యుద్ధాల మీద రాసిచ్చింది. రాయడమేముంది, గైడు పుస్తకంలోంచి దింపేసింది. మేడమ్ వెనక్కి ఇచ్చేశారు. ఈసారి వచ్చే ఆదివారానికి టాపిక్కు చీటీ ఒప్పుకోకపోతే డిగ్రీ ఆశ వదులుకోవాల్సిందే. గడువు అక్కడితో సరి.

"మళ్ళీ యుద్ధాల జోలికి వెళ్ళకండి," అన్నారు మేడమ్. ఆవిడ వయసులో కొలతలక్క కంటే చిన్నే, కానీ కళ్ళజోడులోంచి చూస్తే ఎంతటివాళ్ళకైనా చెమటలు పడతాయి. "ముందు మీ ఇంట్లో పాత కాగితాలు ఏమున్నాయో చూడండి. తర్వాత ఊరి ఆఫీసులో రికార్డులు. కానీ పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అన్నిటికంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. కాగితాలు వచ్చే నెల కూడా ఉంటాయి."

కొలతలక్క అన్నయ్యకి ఈ మాట చెవిన పడింది. ఆయన వీధి మొదట్లో సైకిళ్ళ కొట్టు నడుపుతాడు. మాటల్లో ఎప్పుడూ గాలి నిండుగానే ఉంటుంది. "దీనికింత ఆలోచనేంటే! ఈ వీధి స్థలమంతా మన తాతయ్య దానం చేసిందే కదా. 'మా తాతయ్య దానం' అని రాసి పారేయ్. మేడమ్ లేచి నిలబడి దణ్ణం పెట్టకపోతే నన్నడుగు."

ఆయన అప్పటికే పంచరుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేశాడు, చెల్లెలు తాతయ్య మీద పుస్తకం రాస్తోందని. చీటీ పుస్తకమైపోయింది. సాయంత్రానికి బోర్డులు రాసే ఆయన్ని పిలిచి, వీధి చివర తాతయ్య పేరుతో బోర్డు పెడితే ఎంతవుతుందని కూడా అడిగాడట.

కొలతలక్క చీటీ మీద 'మా తాతయ్య దానం' అని అందంగా రాసి, పెద్దత్త దగ్గరికి వెళ్ళింది. పెద్దత్త అంటే నాన్నకి అక్కగారు. కళ్ళు మసక, చెవులు మాత్రం పాము చెవులు. మేనకోడలు ఫోన్‌లో రికార్డు పెట్టింది.

"రికార్డు చేస్తున్నా, పర్లేదా అత్తా? కాలేజీలో వినిపిస్తాను."

"చెయ్యి. బతికుండగా నా మాట ఎవరు విన్నారు గనక. కనీసం అదైనా వింటుంది."

"అయితే అత్తా, మన తాతయ్య ఈ స్థలమంతా దానం చేశాడు కదా?"

"ఊఁ."

"జాలి గుణం ఎక్కువ కదా ఆయనకి?"

"ఊఁ, ఊఁ."

అలా అరగంట. సంబరంగా తీసుకెళ్ళి మేడమ్‌కి వినిపిస్తే, ఆవిడ కాసేపు విని ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

"ఇందులో మీ అత్తగారు ఎక్కడున్నారండీ?"

"అదిగో మేడమ్, ఊఁ అంటోందిగా!"

"ఊఁ ఒక్కటే ఆవిడది. కథంతా మీదే. జవాబు మీరే చేతిలో పెట్టి ప్రశ్న అడుగుతున్నారు."

కొలతలక్కకి తల కొట్టేసినట్టయింది. నిజమే మరి. రోజంతా చేసే పనే అది. "చేతులు పొట్టిగానే కదమ్మా? మెడ వెనక కాస్త దించుదామా?" అని తనే అడిగి, తనే చెప్పి, తనే కత్తిరించేస్తుంది. వచ్చినవాళ్ళు తల ఊపడం తప్ప చేసేదేముంది! అదే చేత్తో పెద్దత్తనీ కత్తిరించేసింది.

"మళ్ళీ వెళ్ళండి," అన్నారు మేడమ్ మెత్తగానే. "ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. ఆవిడ ఆగినా మీరు మాట్లాడొద్దు."

ఊరుకోవడమా! కొలతలక్కకి అంతకంటే ఉరిశిక్ష నయం. దారంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. చొక్కాకి గుండుసూదులు గుచ్చేటప్పుడు సూదులన్నీ పెదాల మధ్య పట్టుకుంటుంది కదా, ఆ కాసేపే ఆ నోరు మూతపడేది. అందుకని ఒక గౌను అంచు ఒళ్ళో పెట్టుకుంది, "అత్తా, ఈ వీధికి మీరు వచ్చిన రోజులు ఎలా ఉండేవో చెప్పు" అని అడిగింది, సూదులు నోట్లో పెట్టేసుకుంది.

గౌను అంచు సగం అయింది. కొలతలక్క లోపల ప్రాణం కొట్టుకుపోతోంది, 'దానం అత్తా, దానం' అని. సూదులు అడ్డం.

"రావడమేంటే," అంది పెద్దత్త చివరికి. "నీళ్ళు తెచ్చాయి మమ్మల్ని."

అప్పుడు మొదలైంది. అప్పట్లో వాళ్ళుండేది ఏటి ఒడ్డున. ఒక సాయంత్రం ఏరు ఇంట్లోకొచ్చింది. ముందు వాకిట్లోకి, తర్వాత మంచం కోళ్ళకి, తర్వాత మంచం మీదకి. పడవలు లేవు. అప్పుడు ఎవరికి ముందు తోచిందో ఏమో, బందులు ఊడగొట్టి తలుపు తీసి నీళ్ళమీద పడేశారు. పాతకాలం చెక్క, తేలింది. దాని మీద పిల్లల్ని పడుకోబెట్టి, పెద్దవాళ్ళు మెడలోతు నీళ్ళలో అటూ ఇటూ పట్టుకుని తోసుకుంటూ ఈ మెరక మీదకి వచ్చారు.

"నేనూ మీ నాన్నా మా తలుపు మీద. మీ నాన్న అప్పటికి చంటిపిల్లాడు. నాకు బాగా గుర్తుంది, గొళ్ళెం నా వీపుకి గుచ్చుకునేది. కదిలితే మా నాన్న కసిరేవాడు. చుట్టూ చూస్తే ఏముందనుకున్నావ్, ఏరంతా తలుపులే! తలుపు తలుపుకీ పిల్లలే. ఎవరూ ఏడవలేదే. ఏడిస్తే తలుపు ఊగుతుందని భయం."

కొలతలక్క నోట్లోంచి సూదులు ఒళ్ళో రాలిపోయాయి.

"మరి దానం?" అని ఎంతసేపటికో అడిగింది.

"ఎవరి దానం? మా నాన్నకి ఒంటిమీద గుడ్డ తప్ప ఏముంది దానం చెయ్యడానికి! ఆ మాట మీ అన్నయ్య అంటాడు, వినడానికి బాగుందని నేనూ ఊఁ అంటాను."

మర్నాడు మిషను మూసేసి ఊరి ఆఫీసుకి వెళ్ళింది. రికార్డు గుమాస్తా దరఖాస్తు రాయించుకుని, పేజీలు తడిచేత్తో తిప్పొద్దని చెప్పి, పాత సభల తీర్మానాల పుస్తకం బల్లమీద పెట్టాడు. ఎంతో వెతికితే దొరికింది. మెరక మీద ఉన్న ఆఫీసువారి ఖాళీ స్థలంలో వరద బాధితులకి ఒకే కొలతతో గోడలు కట్టించాలి, తలుపులు ఎవరివి వారే బిగించుకోవాలి. అంతే. తలుపులు ఎక్కడినుంచి వచ్చాయో ఒక్క ముక్క లేదు. మళ్ళీ ఇంటికొచ్చి అమ్మ దాచిన కాగితాల సంచీ తిరగేస్తే తాతయ్య కట్టిన ఇంటిపన్ను రసీదు. వరదకి ముందుదే. అందులో ఇల్లు ఏటి ఒడ్డు వార్డులో ఉంది. తీర్మానం స్థలం సంగతి చెప్పింది, రసీదు ముందున్న ఇంటి సంగతి చెప్పింది, నీళ్ళ సంగతి పెద్దత్త ఒక్కతే చెప్పింది.

రసీదు చేత్తో పట్టుకుని అలాగే వీధిలోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, వీధి ఖాళీగా ఉంది. కొలతలక్క తలుపుల వైపు చూసింది.

పుట్టినప్పటినుంచీ చూస్తున్న తలుపులే. ఒకదానికి పైన పలక అతుకు, ఒకదానికి పక్కన సన్నటి బద్ద, ఇంకొకటి కింద రంపంతో కోసింది. 'ఈ వీధికి సరైన వడ్రంగే దొరకలేదు పాపం' అని ఎన్నిసార్లు నవ్వుకుందో. ఇప్పుడు తెలిసింది. గోడలు ఒకే కొలత. తలుపులు ఎవరింటి కొలత వాళ్ళది. పాత చొక్కాని కొత్త ఒంటికి సరిచేసినట్టు, ప్రతి ఇంటివాళ్ళూ తమ పిల్లల్ని మోసిన చెక్కనే వదలకుండా సరిచేసుకున్నారు.

టేపు తీసింది. ఒక్కో తలుపూ కొలిచింది. ఒక్కోదాని ముందూ ఆగి, ఇది ఇద్దరు పిల్లలకి సరిపోతుంది, ఇది ముగ్గురికి, అని మనసులో అనుకుంది. తను ఎంతమందినో కొలిచింది గానీ, ఏదైనా కొలుస్తూ చెప్పులు విప్పాలనిపించడం అదే మొదటిసారి. విప్పేసింది. ఎండకి రోడ్డు కాలుతున్నా తెలియలేదు. ఎదురింటావిడ కిటికీలోంచి, "ఏంటి కొలతలక్కా, మా తలుపుకి గౌను కుడతావా?" అంది. కొలతలక్క నవ్వలేకపోయింది.

ఆదివారం మేడమ్ అంతా విన్నారు. మధ్యలో రాసుకోవడం ఆపేసి వింటూ ఉండిపోయారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఊరంతా వరద అని పెట్టుకోకండి, మునిగిపోతారు. ఒక్క వీధి, ఆ తలుపులు. అవి ఎలా వచ్చాయి, ఎందుకు వదల్లేదు, అదే మీ ప్రశ్న. మీ అత్తగారు అప్పుడు చిన్నపిల్ల. ఆవిడ కళ్ళారా చూసిందేంటి, తర్వాత విన్నదేంటి, విడివిడిగా రాయండి. ఆ తలుపుల మీద వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"పాలాయన వాళ్ళమ్మ ఉంది. రిటైరైన పోస్టుమాను ఉన్నాడు."

"వాళ్ళ మాటా కావాలి. మీరు ఒప్పుకుంటే చీటీ మార్చి ఇవ్వండి, ఇప్పుడే సంతకం పెడతాను."

కొలతలక్క కలం తీసి కూడా ఆగింది. "సాయంత్రం తెస్తాను మేడమ్. ముందు ఒకరికి చెప్పాలి."

సైకిళ్ళ కొట్లో అన్నయ్య ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. చెల్లెలు పక్కన కూర్చుని మొత్తం చెప్పింది, గొళ్ళెం గుచ్చుకున్న సంగతితో సహా. ఆయన తల ఎత్తలేదు.

"అంటే తాతయ్య ఏమీ ఇవ్వలేదంటావు."

"ఇవ్వలేదన్నయ్యా. మెడలోతు నీళ్ళలో నాన్నని తోసుకొచ్చాడు."

బుడగలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆయన మాత్రం ట్యూబు అలాగే ముంచి పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు.

"ఆయన జారిపోయుంటే," అన్నాడు, "నువ్వూ లేవు, నేనూ లేను."

"ఈ వీధిలో ఎవరూ లేరు."

కొలతలక్క చీటీ తీసి 'మా తాతయ్య దానం' కొట్టేసింది. కింద 'వరదలో తేలివచ్చిన తలుపులు: మా వీధి ఎలా మొదలైంది?' అని రాసింది. అన్నయ్య తడిచేతులు చొక్కాకి తుడుచుకుని చీటీ అందుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"సరే రాయి," అన్నాడు చీటీ తిరిగిస్తూ. "కానీ మన తలుపు ముందు రాస్తావుగా?"

"వరసలోనే అన్నయ్యా. మనది మధ్యలో ఎక్కడో వస్తుంది."